ముందు టిన్ను దించినవాడికి ఎంత మిగులుతుంది?

ఎకనామిక్స్ పీజీ ఎంట్రన్స్ రాసేవాళ్లను, యూజీసీ నెట్‌కు చదివేవాళ్లను కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడగండి. ‘ఒకే సరుకు అమ్మే రెండు కంపెనీలున్నాయి. ఒకటి ముందుగా తన ఉత్పత్తి ప్రకటించింది, రెండోది అది చూసి తనది నిర్ణయించుకుంది. ఇద్దరూ ఒకేసారి నిర్ణయించుకున్నప్పటి కంటే మొదటిదానికి లాభం ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా?’ చాలామంది ‘ఎక్కువే’ అని ఠక్కున చెప్పేస్తారు. జవాబు సరైనదే. ‘ఎందుకు?’ అని రెండో ప్రశ్న వేస్తే మాత్రం ‘ముందు దిగింది కదండీ’ అని ఆగిపోతారు. ముందు దిగడం ఒక్కటే కారణం కాదు. అసలు కారణం లెక్కలోనే ఉంది. పేపరూ పెన్నూ తీసుకోండి, చేసి చూద్దాం.

ఇలాంటి పోటీని మొదట గణితంలో పెట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఆంట్వాన్ కూర్నో. 1838లో వచ్చిన పుస్తకంలో ఆయన తీసుకున్న ఉదాహరణ రెండు మినరల్ వాటర్ ఊటలు. ఇద్దరు యజమానులు, ఒకే రకం నీళ్లు. మనకు ఇంతకంటే తెలిసిన వ్యాపారం ఏముంది? ప్రతి ఊళ్లోనూ వాటర్ ప్లాంట్లున్నాయి. కాబట్టి ఒక ఊరిని ఊహించుకుందాం. గాంధీబొమ్మ దగ్గర ఒక ప్లాంటు, బస్టాండు దగ్గర ఇంకొకటి. ఇద్దరూ అమ్మేది 20 లీటర్ల టిన్నే. రుచిలో తేడా లేదు, జనం ఎవరి దగ్గర కొన్నా ఒకటే.

టిన్ను ధర ఊళ్లోకి రోజూ ఎన్ని టిన్నులు వస్తున్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. లెక్క సులువుగా ఉండేందుకు వంద టిన్నుల్ని ఒక యూనిట్ అనుకుందాం. మొత్తం యూనిట్లు Q అయితే ధర P = 56 − Q రూపాయలు. అంటే అదనంగా వంద టిన్నులు వచ్చిన ప్రతిసారీ ధర ఒక రూపాయి పడుతుంది. కరెంటు, ఫిల్టర్లు, ఆటో, కుర్రాడి జీతం, యంత్రాల తాలూకు వాయిదా అన్నీ కలిపి టిన్నుకు ఖర్చు ₹8, ఇద్దరికీ అంతే. గాంధీబొమ్మ ప్లాంటు యూనిట్లు q1, బస్టాండు ప్లాంటువి q2.

మొదట కూర్నో పద్ధతి. ఇద్దరూ ఒకేసారి, ఒకరిది ఒకరికి తెలియకుండా నిర్ణయించుకుంటారు. గాంధీబొమ్మ ప్లాంటుకు ఒక టిన్ను మీద మిగిలేది 56 − q1 − q2 − 8, అంటే 48 − q1 − q2. దాన్ని q1తో గుణిస్తే లాభం. q2 ఎంతైనా ఉండనివ్వండి, అది మారదని అనుకుని q1 మీద డిఫరెన్షియేట్ చేసి సున్నాకు సమానం చేస్తే q1 = (48 − q2)/2. అవతలివాడికీ ఇదే సూత్రం. ఇద్దరి సూత్రాలూ ఒకేసారి నిజం కావాలంటే చెరో 16 రావాలి. చెరో 1,600 టిన్నులన్నమాట. మొత్తం 32 యూనిట్లు, ధర ₹24, టిన్ను మీద మిగులు ₹16. ఒక్కొక్కరికి రోజుకు ₹25,600. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పోల్చాల్సింది దీంతోనే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. గాంధీబొమ్మ యజమానికి 16 దగ్గర ఆగాల్సిన అవసరమేంటి? 20 యూనిట్లు వేయొచ్చు కదా? వేస్తే ఏమవుతుందో చూడండి. అవతలివాడు 16 దగ్గరే ఉన్నాడు, ఎందుకంటే ఇతను ఏం చేస్తున్నాడో అతనికి తెలియదు. మొత్తం 36 అవుతుంది, ధర ₹20కి పడుతుంది, మిగులు ₹12. 20 యూనిట్ల మీద వచ్చేది ₹24,000. ఎక్కువ అమ్మినా 1,600 రూపాయలు పోయాయి. అందుకే 16 దాటడు.

ఇప్పుడు ఆట మారుద్దాం. గాంధీబొమ్మ ప్లాంటు ముందుగా తన సంఖ్య బయటపెట్టింది. హాస్టళ్లతో, అపార్ట్‌మెంట్లతో ఏడాది ఒప్పందాలు రాసుకుంది, ఊరంతా తెలిసింది. బస్టాండు యజమాని అది చూసి తన ప్లాంటు ఎంత సైజులో పెట్టాలో తేల్చుకుంటాడు. జర్మన్ ఆర్థికవేత్త హైన్రిచ్ ఫాన్ స్టాకెల్‌బర్గ్ 1934లో పరిశీలించింది ఈ అమరికనే. పుస్తకాల్లో మొదటివాడిని లీడర్ అనీ, రెండోవాడిని ఫాలోయర్ అనీ అంటారు.

అదే 20 యూనిట్లు మళ్లీ వేద్దాం. ఈసారి బస్టాండు యజమానికి ఆ 20 కనిపిస్తోంది. తన సూత్రం ప్రకారం (48 − 20)/2, అంటే 14 మాత్రమే వేస్తాడు. మొత్తం 34, ధర ₹22, మిగులు ₹14. లీడర్‌కు ₹28,000. ఇంతకుముందు ఇదే 20 వేస్తే 24,000 వచ్చింది, ఇప్పుడు 28,000 వస్తోంది. తేడా అంతా అవతలివాడు వెనక్కి తగ్గిన ఆ రెండు యూనిట్లలో ఉంది. ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు అసలు జవాబు ఇదే. లీడర్ ఒక యూనిట్ పెంచితే ఫాలోయర్ అర యూనిట్ తగ్గుతాడు. దాంతో ధర పూర్తి రూపాయి పడకుండా అర్ధరూపాయే పడుతుంది.

మరి లీడర్ ఎంతదాకా పెంచాలి? దీనికి వాడేదే బ్యాక్‌వర్డ్ ఇండక్షన్. పేరు బరువుగా ఉంది కానీ పని చిన్నదే. ఆట చివరి నుంచి మొదటికి రావడం. చివర ఆడేవాడు ఫాలోయర్. అతని ముందు q1 ఎంత కనిపించినా అతను q2 = (48 − q1)/2 వేస్తాడని ముందే తేల్చేశాం. ఇప్పుడు వెనక్కి వచ్చి లీడర్ కుర్చీలో కూర్చోండి. అతని లాభం (48 − q1 − q2) × q1. ఇందులో q2 ఉన్న చోట ఫాలోయర్ సూత్రాన్ని పెట్టేయండి. మిగిలేది ఇది:

```
q1 × (48 − q1) / 2
```

q2 మాయమైంది. ఇక లీడర్ చేతిలో ఉన్నది ఒక్క q1. డిఫరెన్షియేట్ చేస్తే q1 = 24. ఫాలోయర్‌ది 12. మొత్తం 36, ధర ₹20, మిగులు ₹12. లీడర్‌కు ₹28,800, ఫాలోయర్‌కు ₹14,400. కాలిక్యులస్ మీద నమ్మకం లేకపోతే 28 వేసి చూడండి. ఫాలోయర్ 10 వేస్తాడు, ధర ₹18, లీడర్‌కు మళ్లీ ₹28,000కే దిగుతుంది. శిఖరం 24 దగ్గరే ఉంది.

పోల్చి చూస్తే లీడర్ 25,600 నుంచి 28,800కి ఎక్కాడు, లాభం 3,200. ఫాలోయర్ 25,600 నుంచి 14,400కి పడ్డాడు, నష్టం 11,200. లీడర్ సంపాదించినదాని కంటే ఫాలోయర్ పోగొట్టుకున్నదే ఎక్కువ. మిగతాది ఊరి జనానికి వెళ్లింది, వాళ్లకు టిన్ను ₹24 బదులు ₹20కి దొరుకుతోంది. లీడర్ అంటే ధర పెంచేవాడని ఊహించుకునేవాళ్లు ఈ భాగం మరోసారి చదవాలి.

పరీక్ష హాల్లో చాలామంది జారే చోటు ఒకటుంది. లీడర్ లాభాన్ని ముందు డిఫరెన్షియేట్ చేసేసి, ఆ తర్వాత ఫాలోయర్ సూత్రం పెడతారు. చేసి చూడండి: 48 − 2q1 − q2 = 0 వస్తుంది, అందులో q2 = (48 − q1)/2 పెడితే q1 = 16. అంటే మళ్లీ కూర్నో జవాబే. ముందు డిఫరెన్షియేట్ చేయడమంటే ‘నేను మారినా అవతలివాడు మారడు’ అనుకోవడం. లీడర్‌కు ఉన్న ఒకే ఒక్క అనుకూలతను మన చేత్తోనే కొట్టేసినట్టు. కాబట్టి లీడర్ ప్రశ్నలో ఇద్దరికీ సమానమైన సంఖ్య వచ్చిందంటే, ఖర్చులూ సమానమే అయితే, వరుస తప్పిందని అనుమానించండి. ముందు సూత్రం పెట్టాలి, తర్వాతే డిఫరెన్షియేట్ చేయాలి.

లెక్క చేయకుండానే లీడర్‌కు తగ్గదని చెప్పగలరా అని ఇంటర్వ్యూలో అడగొచ్చు. చెప్పొచ్చు. లీడర్‌కు 16 వేసే స్వేచ్ఛ ఎప్పుడూ ఉంది. అతను 16 వేస్తే ఫాలోయర్ తన సూత్రం ప్రకారం 16 వేస్తాడు, కూర్నో లాభం 25,600 చేతికొస్తుంది. ఆ పైన ఇంకేం ఎంచుకున్నా అది మెరుగ్గా ఉందనే ఎంచుకుంటాడు. అందుకే తగ్గే ప్రశ్నే లేదు. రెండు వాక్యాల్లో అయిపోయే ఈ వాదన నాకు మొత్తం అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టం.

బస్టాండు యజమాని ఊరికే కూర్చుంటాడా? ‘నువ్వెంతైనా వేసుకో, నేను మాత్రం 24 యూనిట్లు దించుతా’ అని టీకొట్టు దగ్గర సవాలు విసిరాడనుకోండి. గాంధీబొమ్మ యజమాని నిజంగా నమ్మితే తగ్గి 12 వేయాలి, 14,400తో సరిపెట్టుకోవాలి.  ఆ బెదిరింపును నమ్మినంతకాలం అతనికి 12 నుంచి మారాల్సిన అవసరం రాదు. కానీ లీడర్ నమ్మకుండా 24 వేసేశాడనుకోండి. ఇప్పుడు బస్టాండు యజమాని మాట నిలబెట్టుకుని 24 వేస్తే మొత్తం 48, ధర ₹8, లాభం సున్నా. మాట తప్పి 12 వేస్తే 14,400. రోజుకు పద్నాలుగు వేలు వదులుకుని పంతం నెగ్గించుకునేవాళ్లు ఎంతమంది? బ్యాక్‌వర్డ్ ఇండక్షన్ చేసే పని సరిగ్గా ఇదే, అమలు చేయలేని బెదిరింపుల్ని ఏరి పారేస్తుంది. ఇలా ప్రతి దశలోనూ నిలబడే సమతౌల్యాన్ని సబ్‌గేమ్ పర్ఫెక్ట్ అంటారు. 1965లో దీన్ని నిర్వచించిన రైన్‌హార్డ్ సెల్టెన్‌కు 1994లో జాన్ నాష్, జాన్ హర్సానీలతో కలిపి నోబెల్ ఇచ్చారు.

అయితే ఇదే ప్రశ్న లీడర్‌ను కూడా అడగాలి. అతని మాట మాత్రం నమ్మేదేనా? పుస్తకాలు ఇక్కడ త్వరగా దాటేస్తాయి, మనం కాస్త ఆగుదాం. లీడర్ 24 అన్నాడు, ఫాలోయర్ నమ్మి 12 యూనిట్ల ప్లాంటు కట్టేశాడు. ఇప్పుడు లీడర్‌కు నిజంగా 24 దించాలని ఉంటుందా? అవతల 12 ఉన్నప్పుడు అతనికి మంచిది (48 − 12)/2, అంటే 18. వేసి చూడండి. మొత్తం 30, ధర ₹26, మిగులు ₹18, లాభం ₹32,400. చెప్పినట్టు 24 దించితే 28,800 మాత్రమే. అంటే లీడర్‌కు చివర్లో మాట తప్పాలనే ఉంటుంది! ఫాలోయర్ ఇది ముందే ఊహిస్తే 24ను అసలు నమ్మడు, తనది పెంచుకుంటాడు, చూసుకుంటూ పోతే ఇద్దరూ మళ్లీ 16 దగ్గర తేలతారు. ముందు మాట్లాడినంత మాత్రాన లీడర్ కాలేరు. వెనక్కి రాలేని స్థితిలో తనను తాను పెట్టుకున్నవాడే లీడర్.

‘ప్లాంటు కట్టేశాడు కదా, డబ్బు ఇరుక్కుపోయింది, ఇక వెనక్కి ఎలా వస్తాడు?’ అంటారేమో. కొంతవరకు నిజం. టిన్ను ఖర్చు ₹8లో ₹6 యంత్రాలకు ముందే పెట్టేసిందనుకుందాం. అది ఎలాగూ తిరిగిరాదు. ఇక రోజువారీ ఖర్చు ₹2 మాత్రమే. ఇప్పుడు అవతల 12 ఉంటే అతనికి మంచిది (56 − 2 − 12)/2, అంటే 21. 18 నుంచి 21కి వచ్చింది, కానీ 24కి చేరలేదు. మూడు యూనిట్ల సామర్థ్యం ఖాళీగా ఉంచడమే అతనికి లాభం. మిగతా దూరం కట్టించేది ఒప్పందాలు. ‘రోజూ ఇన్ని టిన్నులు మార్కెట్ ధరకు ఇస్తాం, ఇవ్వకపోతే జరిమానా కడతాం’ అని హాస్టళ్లకు రాసిచ్చిన కాగితం ఉంటే తగ్గించే దారి మూసుకుపోతుంది. నేను ముందు ఒప్పందాల మాట ఎత్తింది అందుకే.

నిజ జీవితంలో దీనికి తరచూ చెప్పుకునే కేసు అమెరికా కంపెనీ డ్యూపాంట్‌ది. సరుకు టైటానియం డయాక్సైడ్. పెయింటుకు, కాగితానికి తెల్లదనం ఇచ్చే పొడి. ఇల్మనైట్ అనే ఖనిజం నుంచి క్లోరైడ్ పద్ధతిలో దీన్ని తీసే నేర్పు డ్యూపాంట్‌కు ఉంది. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో దొరికేదీ ఈ ఇల్మనైటే. పోటీదారుల్లో కొందరు వాడే రూటైల్ అనే ఖనిజం ధర 1970 ప్రాంతంలో బాగా పెరిగింది. ఇంకొందరు వాడే సల్ఫేట్ పద్ధతికి పర్యావరణ నిబంధనల వల్ల ఖర్చు పెరిగింది. డ్యూపాంట్‌కు హఠాత్తుగా ఖర్చులో పైచేయి దొరికింది. 1970లలో ఆ కంపెనీ పెద్ద ఎత్తున సామర్థ్యం పెంచే దారి పట్టింది. పెరగబోయే గిరాకీని తామే ముందుగా నింపేస్తే మిగతావాళ్లు కొత్త ప్లాంట్లు పెట్టడానికి వెనకాడతారన్నది ఆలోచన. మన q1 పెంచితే q2 తగ్గడం లాంటిదే.

పోటీని అణగదొక్కుతున్నారంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1978లో డ్యూపాంట్ మీద ఫిర్యాదు నమోదు చేసింది. 1980లో దాన్ని కొట్టేసింది. ఖర్చు తక్కువున్న కంపెనీ పెరిగే గిరాకీకి తగ్గట్టు ప్లాంట్లు కట్టుకోవడం న్యాయమైన పోటీయే అన్నది ఆ నిర్ణయం సారాంశం. వాటర్ టిన్నుల లెక్కలో చూశాం కదా, లీడర్ వల్ల ఫాలోయర్ నష్టపోయినా కొనేవాడికి ధర తగ్గింది. చట్టానికి చిక్కు ఎక్కడంటే, ఫాలోయర్ పూర్తిగా వెళ్లిపోయాక ధర ఎటు పోతుందో ఈ రెండు దశల ఆట చెప్పదు.

లెక్కకు ఇంకో హద్దు కూడా ఉంది. ఫాలోయర్‌కు లీడర్ సంఖ్య స్పష్టంగా కనిపించాలి. 1995లో కైల్ బాగ్‌వెల్ అనే ఆర్థికవేత్త ఒక పేపర్‌లో దీన్ని పరీక్షించారు. లీడర్ ఎంత వేశాడన్నది ఫాలోయర్‌కు కాస్త మసగ్గా, అప్పుడప్పుడు తప్పుగా కనిపించినా చాలు. చీట్లు వేసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకునే వ్యూహాల్ని పక్కన పెడితే, మిగిలే సమతౌల్యం మళ్లీ ఒకేసారి ఆడినప్పటిదే. ఊళ్లో ‘గాంధీబొమ్మ వాళ్లు పెద్ద మిషన్ తెచ్చారట’ అన్న పుకారు సరిపోదు. ఒప్పందం కాగితం గోడ మీద అతికించి ఉండాలి. పోటీ టిన్నుల సంఖ్య మీద కాకుండా ధర మీద జరిగి, ఇద్దరి సరుకుల్లో కొంచెం తేడా కూడా ఉంటే కథ తిరగబడుతుంది. అప్పుడు సాధారణంగా ముందు ధర చెప్పినవాడి కంటే, అది చూసి ఒక రూపాయి తగ్గించేవాడికే ఎక్కువ లాభం. కాబట్టి ప్రశ్నలో ‘పరిమాణం’ అని ఉందా ‘ధర’ అని ఉందా అన్నది ముందు చూసుకోండి.

చేతులు తిరగడానికి ఒకటి ఇస్తాను. బస్టాండు ప్లాంటుది పాత మిషన్, టిన్నుకు ఖర్చు ₹14 అనుకోండి, మిగతావన్నీ అలాగే ఉంచండి. ఒకేసారి ఆడితే గాంధీబొమ్మ 18, బస్టాండు 12 వేయాలి, గాంధీబొమ్మకు ₹32,400 రావాలి. గాంధీబొమ్మ ముందు ఆడితే 27, బస్టాండు ఏడున్నర, లాభం ₹36,450. అక్కడిదాకా చేరితే రెండు లెక్కల్లోనూ లీడర్ లాభాన్ని కూర్నో లాభంతో భాగించండి. ముందు లెక్కలో 28,800ను 25,600తో, ఇప్పుడు 36,450ను 32,400తో. రెండుసార్లూ సరిగ్గా తొమ్మిది బై ఎనిమిది వస్తుంది. అంకెలు తీసేసి a, c1, c2 అని అక్షరాలు పెట్టి మళ్లీ కట్టండి. గిరాకీ సరళరేఖగా, టిన్ను ఖర్చు స్థిరంగా ఉండి ఫాలోయర్ మార్కెట్‌లో మిగిలి ఉన్నంతవరకు ఆ ఎనిమిదో వంతు ఎక్కడి నుంచి వస్తోందో కాగితం మీదే కనిపిస్తుంది.